పదో తరగతిలో వచ్చిన కువైటు పిల్ల

2003 జూన్‌లో మన రాజంపేట స్కూల్లో పదో తరగతి మొదలైన మూడో రోజు, గర్ల్స్ వైపు రెండో బెంచీలో నా పక్కన ఒక కొత్తమ్మాయిని కూర్చోబెట్టారు. నేనడిగిన మొదటి మాట పేరు కాదు. "మీది యా ఊరు?" అనడిగాను. ఆ పిల్ల మన పక్క మండలంలోని ఊరి పేరు చెప్పింది. "అది కాదుమే, అసలు యాడినుంచి వచ్చినావు?" అన్నాను. అప్పుడు కువైట్ అంది. ఆ మధ్యాహ్నానికే క్లాసంతా తనని "కువైటు" అని పిలవడం మొదలుపెట్టింది. మన స్కూలు పాత విద్యార్థుల కోసం వేస్తున్న ఈ సంచిక చదివే మా బ్యాచ్ వాళ్లలో సగం మందికి తన అసలు పేరు గుర్తుండదని పందెం కాస్తాను.

కడప జిల్లాలో కువైట్ వింత కాదు. ప్రతి వీధిలో ఒకరో ఇద్దరో అక్కడ ఉండేవారే. అయితే మగవాళ్లు డ్రైవర్లుగా, ఆడవాళ్లు ఇంటిపనికి వెళ్లేవారు, పిల్లలు ఇక్కడ అవ్వాతాతల దగ్గర పెరిగేవారు. అక్కడే పుట్టి పెరిగిన పిల్లని మేం చూడటం అదే మొదలు. వాళ్ల నాన్న ఒక కంపెనీలో స్టోర్‌కీపర్ కాబట్టి కుటుంబాన్ని తీసుకెళ్లగలిగాడు. తను 1988లో పుట్టింది. 1990 ఆగస్టులో ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చినప్పుడు రెండేళ్ల పిల్ల. బస్సుల్లో బాగ్దాద్ మీదుగా జోర్డాన్ చేరి, అమ్మాన్‌లో విమానమెక్కి బొంబాయిలో దిగిన లక్షన్నర పైచిలుకు ఇండియన్లలో వాళ్లూ ఉన్నారు. గొడవ సద్దుమణిగాక మళ్లీ వెళ్లారు. 2003 మార్చిలో ఇరాక్ మీద అమెరికా యుద్ధం మొదలై, కువైట్ మీద క్షిపణులు పడుతుంటే తల్లీపిల్లల్ని నాన్న మళ్లీ ఊరికి పంపేశాడు.

అక్కడ వాళ్లుండేది అబ్బాసియాలో. క్లాసులో ఎక్కువ మంది మలయాళీలు. వాళ్లు "నాట్టిల్ ఎవిడెయా?" అని, అంటే మీ ఊరివైపు ఎక్కడ అని అడిగితే ఇది ఆంధ్రా అనేది. తెలుగువాళ్లింటికి భోజనానికి పోతే ఆంధ్రా సరిపోదు. ఏ జిల్లా, ఏ మండలం, ఎవరి తాలూకు అని మూడు మెట్లు దిగేవరకు వదలరు. ఆ మూడో మెట్టు మీద వాళ్లు అడిగేది ఊరు కాదని తనకి పన్నెండేళ్లకే తెలుసట. దుకాణంలో కువైటీ అడిగితే అరబ్బీలో ఇండియన్ అని "హిందీ" అంటే చాలు, పని అయిపోయేది. అక్కడి గుర్తింపు కార్డు, బతాకా మీద పన్నెండంకెల నంబరు తనకి కంఠతా వచ్చు. మొదటి అంకె శతాబ్దానికి, తర్వాత ఆరు పుట్టినరోజుకి అని నాకు నోట్‌బుక్ వెనక రాసి చూపించింది. అక్కడ పుట్టినా పౌరసత్వం రాదు. నాన్న ఉద్యోగం ఉన్నన్నాళ్లే అకామా, అంటే అక్కడ ఉండటానికి అనుమతి.

మాకు నవ్వొచ్చే సంగతి ఇంకోటుంది. తను మాకంటే చిక్కని కడప తెలుగు మాట్లాడేది. మేం టీవీ చూసి "వాకిలి" అంటుంటే తను "ఆకిలి" అనేది. అమ్మానాన్నలు ఎనభైల్లో ఊరినుంచి పట్టుకెళ్లిన మాట అలాగే ఇంట్లో నిలిచిపోయింది మరి. కానీ రాయడం రాదు. అక్కడ రెండో భాష హిందీ. పదోతరగతిలో తెలుగు పేపరు రాయాలి, ఒత్తులు ఎక్కడ పెట్టాలో తెలియదు. ఆ టెన్షన్‌లో మధ్యాహ్నం బెల్లులో వేపచెట్టు కింద నాకు పంతులమ్మ పని దొరికింది. ఆదివారం స్కూలు లేదని మాత్రం ఏడాదంతా మర్చిపోయేది. దాని లెక్కలో సెలవు శుక్రవారం.

ఇదంతా సరదా. 2006లో ఎంసెట్ కౌన్సెలింగ్ దగ్గర సరదా పోయింది.

నా కంటే తనకి రెండు వేల పైచిలుకు మెరుగైన ర్యాంకు వచ్చింది. సర్టిఫికెట్ల పరిశీలనలో ఆరో తరగతినుంచి స్టడీ సర్టిఫికెట్లు వరసగా పెట్టమన్నారు. టేబుల్ దగ్గరాయన కువైట్ స్కూలు కాగితం చూసి "నాన్‌లోకల్" అన్నాడు. మా నాన్న రెవెన్యూలో గుమాస్తా. బయట చెట్టు కింద నిలబెట్టి విడమరిచి చెప్పాడు. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం, ఇంటర్ రెండో ఏడాదితో ముగిసే నాలుగేళ్లు వరసగా ఒకే యూనివర్సిటీ ప్రాంతంలో చదివితేనే అక్కడ లోకల్. మనది శ్రీవేంకటేశ్వర యూనివర్సిటీ ప్రాంతం. అంటే తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్లు. తనకి పది, ఇంటర్ రెండేళ్లే ఉన్నాయి. ఒక్క ఏడాది తక్కువ. నూటికి 85 సీట్లు లోకల్ వాళ్లవి. మిగతా 15లో తను పోటీ పడొచ్చు, కానీ వాటికి లోకల్ వాళ్లూ ర్యాంకు కొద్దీ పోటీకొస్తారు. సంగతి తెలిసిన గల్ఫ్ తల్లిదండ్రులు పిల్లల్ని ఎనిమిది అయిపోగానే ఇంటికి పంపేది అందుకే. వీళ్లని పంపింది యుద్ధం, దానికి తొమ్మిదో తరగతి లెక్క తెలీదు.

ఆ పదిహేనులోకి రావడానికీ ఒక కాగితం కావాలి. తల్లో తండ్రో రాష్ట్రంలో మొత్తం పదేళ్లు నివాసం ఉన్నట్టు మండలాఫీసు సర్టిఫికెట్. బయట ఉద్యోగం చేసిన కాలం లెక్కలోకి రాదు. వాళ్ల నాన్న పుట్టిందీ పెరిగిందీ ఆ ఊళ్లోనే అయినా, రేషన్ కార్డులో పేరు తీసేశారు, ఓటరు జాబితాలో లేడు, మనిషి అక్కడ. మండలాఫీసులో గుమాస్తా తలెత్తకుండానే "ఏ ఊరమ్మా?" అన్నాడు. తను ఊరి పేరు చెప్పింది. "కాయితాల్లో కువైట్ అనుంది. అసలు ఏ ఊరు?" నేను పక్కనే ఉన్నాను. మూడేళ్ల కిందట నేను అడిగిన మాటే, అదే వరసలో. తల దించుకున్నాను.

దారి చూపింది మన స్కూలే. వాళ్ల నాన్న ఇక్కడే ఆరునుంచి పది దాకా చదివాడని వాళ్ల జేజి గుర్తుచేసింది. హెచ్చెమ్ గదిలోని బీరువానుంచి ఆఫీసు గుమాస్తా పాత అడ్మిషన్ రిజిస్టర్లు దించాడు. అట్ట లేదు, అంచులు చెదలు తినేశాయి. సాయంత్రం దాకా వెతికితే ఊదారంగు సిరాలో ఆయన పేరు, తండ్రి పేరు, ఊరి పేరు దొరికాయి. అయిదేళ్లకి స్టడీ సర్టిఫికెట్ ఇచ్చారు. ఊళ్లోని ప్రాథమిక పాఠశాలనుంచి ఇంకో అయిదేళ్లది తెచ్చారు. రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ ఊరికెళ్లి నలుగురి దగ్గర వాంగ్మూలం తీసుకున్నాడు. మూడో రోజు సర్టిఫికెట్ వచ్చింది. మొదట కోరుకున్న కాలేజీ నాకొచ్చింది, తనకి రాలేదు. దూరంగా ఇంకో జిల్లాలో వచ్చింది. అది న్యాయమని నేను ఇప్పటికీ అనుకోను, ఆ నియమం వెనకబడిన ప్రాంతాల పిల్లల కోసం పెట్టిందని తెలిసినా.

రిజిస్టర్ మూసేముందు తను ఆ పేజీ మీద చాలాసేపు వేలు పెట్టి చూసింది. తర్వాత 2003 రిజిస్టర్ కూడా తీయించి, తన అడ్మిషన్ నంబరూ చూసుకుంది.

ఈ సంచిక కోసం కమిటీ వాళ్లు పంపిన ఫారంలో "సొంత ఊరు" అని ఒక గడి ఉంది కదా. తను అందులో రెండు అడ్మిషన్ నంబర్లు రాసి పంపిందట, నాన్నదీ తనదీ. మొన్న కమిటీలోంచి ఒకాయన నాకు ఫోన్ చేశాడు. "నీ ఫ్రెండు ఊరు రాయలేదమ్మా, నంబర్లేవో రాసింది. ఇంతకీ అసలు ఏ ఊరని వేయమంటావు?"

తన నంబరిచ్చాను, నువ్వే అడుగన్నా అని.