మబ్బుల షేడర్‌తో మూడు వారాలు: నా అనుభవం

కొండల మధ్య గ్లైడర్ ఎగిరే చిన్న గేమ్ ఒకటి చేసుకుంటున్నా, దాంట్లో ఆకాశానికి ఫొటో అతికించి వదిలేయడం మనసొప్పక లోతూ మందమూ ఉండే వాల్యూమెట్రిక్ మబ్బులు మొదలుపెట్టాను. దారి చూపించింది 2015లో సిగ్రాఫ్ అనే గ్రాఫిక్స్ సదస్సులో గెరిల్లా గేమ్స్ స్టూడియో ఆండ్రూ ష్నైడర్ తమ హొరైజన్ జీరో డాన్ గేమ్ మబ్బుల గురించి ఇచ్చిన టాక్.

ఆకారం దగ్గర పెద్దగా కష్టపడలేదు. పెర్లిన్ నాయిస్ ఒక్కటే వాడితే పొగలా ఉంటుంది, వోర్లీని తిరగేసి కలిపితే కాలీఫ్లవర్‌లా బుడిపెలు వస్తాయి, అందుకే 128 క్యూబ్ టెక్స్చర్‌లో రెండూ కలిపిన బేస్, 32 క్యూబ్‌లో సన్న వోర్లీ పెట్టుకున్నా. మొదట్లో సన్నదాన్ని బేస్‌లోంచి నేరుగా తీసేశాను, మబ్బు లోపల కూడా బొక్కలు పడి స్పాంజిలా అయింది. తీసేయడం కాదు, రీమ్యాప్ చేయాలి:

```glsl
d = max(remap(base, detail * 0.35, 1.0, 0.0, 1.0), 0.0);
```

ఇలా చేస్తే బేస్ 1 ఉన్నచోట 1 అలాగే ఉంటుంది, పలచగా ఉన్న అంచులు మాత్రమే అరుగుతాయి.

వెలుగు దగ్గర ఒక రెండ్రోజులు ఆగిపోయా. సూర్యుడి వైపు 6 శాంపిల్స్ తీసి, దారిలో పడిన మొత్తం మందాన్ని ఇక్కడ `d` అనుకుని `exp(-d)` పెడితే మబ్బు అడుగు బొగ్గులా వచ్చింది. మేడెక్కి చూస్తే వానమబ్బు అడుగు కూడా బూడిద రంగే గానీ అంత నలుపు ఉండదు, ఎందుకంటే లోపల వెలుగు చాలాసార్లు చెదిరి చెదిరి కిందికి చేరుతుంది. దాన్ని నిజంగా లెక్కకట్టే స్థోమత మన జీపీయూకి లేదు, అందుకని నెమ్మదిగా తగ్గే రెండో ఎక్స్‌పొనెన్షియల్ పక్కన పెట్టి ఏది పెద్దదైతే అది తీసుకోవడమే:

```glsl
float light = max(exp(-d), 0.7 * exp(-0.25 * d));
```

ఈ ఒక్క లైన్‌తో అడుగు భాగానికి ప్రాణం వచ్చింది.

అసలు పోరాటం ఖర్చుతో. 1920×1080 అంటే 20 లక్షల పైచిలుకు పిక్సెళ్లు, ఒక్కోదాని నుంచి మబ్బుల్లోకి రే వేసి స్టెప్పుల వారీగా మందం చదువుతూ మార్చ్ చేయాలి, రేకి 64 స్టెప్పులు, ప్రతి స్టెప్పుకీ వెలుగు కోసం ఇంకో 6, ఏదీ వదలకుండా చదివితే ఫ్రేమ్‌కి 90 కోట్లు దాటిపోతాయి. ఖాళీ చోట్ల వెలుగు లెక్క ఎగ్గొట్టినా నా ల్యాప్‌టాప్‌లో 40 మిల్లీసెకన్లు పట్టింది. అందుకే 4×4 గడిలో ఫ్రేమ్‌కి ఒక్క పిక్సెల్ మాత్రమే మార్చ్ చేసి, మిగతా 15 పాత ఫ్రేమ్ నుంచి తెచ్చుకునే పద్ధతి.

పాత ఫ్రేమ్‌లో ఎక్కడ నుంచి తేవాలి? మబ్బుకి గోడలాగా ఒక డెప్త్ ఉండదు కదా. మొదట మబ్బులన్నీ అనంత దూరంలో ఉన్నట్టు రే దిశ మాత్రమే వాడాను. కెమెరా తల తిప్పితే బ్రహ్మాండం, గ్లైడర్ ముందుకి కదిలిందో దగ్గరి మబ్బులు తడి రంగు మీద చెయ్యి పెట్టినట్టు అలుక్కుపోయాయి. తర్వాత మార్చ్ చేసేటప్పుడే ప్రతి స్టెప్పు కంటికి ఎంత కనిపిస్తుందో అంత బరువు వేసి దూరాల సగటు తీశాను:

```glsl
float t = sumW > 1e-4 ? sumTW / sumW : 1e5;
vec3 p = camPos + rayDir * t - wind * dt;
vec4 c = prevViewProj * vec4(p, 1.0);
vec2 uv = c.xy / c.w * 0.5 + 0.5;
```

గాలిని ఎందుకు తీసేయాలంటే ఇప్పుడు ఇక్కడున్న మబ్బు ముక్క పోయిన ఫ్రేమ్‌లో అంత వెనక ఉంది. `uv` స్క్రీన్ బయటికి పోతే ఈ ఫ్రేమ్‌లో మార్చ్ చేసిన పక్క పిక్సెళ్లని కలిపి నింపేయడమే, కాసేపు మసగ్గా ఉంటుంది, పర్లేదు.

అయినా ఆకాశం మొత్తం ఒక మూలకి మెల్లగా జారుతూనే ఉంది. మూడ్రోజులు గాలినే అనుమానించా, చివరికి గాలి సున్నా చేసి కెమెరా కదపకుండా వదిలేశా, అప్పుడూ జారింది! అంటే తప్పు గాలిది కాదు, పిక్సెల్ లెక్కది. 4×4 గడిలో ఏ పిక్సెల్ వంతో దానికోసం కొంచెం పక్కకి జరిపిన కెమెరా మ్యాట్రిక్స్‌నే `prevViewProj`గా దాచుకున్నా, చదివిన ప్రతిసారీ కొంచెం పక్కకి పోయి అదే మళ్లీ పాత ఫ్రేమ్‌లో చేరి పేరుకుపోయింది. జరపని మ్యాట్రిక్స్ దాచగానే కదలకుండా నిలబడింది. మీకూ జారుతుంటే ముందు ఈ టెస్ట్ చేయండి.

ఇంకోటి, కొండ అంచుల వెంట మబ్బు లేని చార ఒకటి కదిలేది. కొండ దగ్గర మార్చ్ ఆపేయడం వల్ల, కొండ పక్కకి జరిగాక ఆ చోటికి పాత ఫ్రేమ్‌లో మబ్బే లేదు మరి. నా కెమెరా ఎప్పుడూ మబ్బుల కిందే ఉంటుంది కాబట్టి కొండని పట్టించుకోకుండా మార్చ్ చేసి, ఆఖర్న పూర్తి రిజల్యూషన్ డెప్త్‌తో కొండని మీద వేశాను, చార పోయింది. మబ్బుల్లోకి దూరే విమానం గేమ్ అయితే ఇది పనికిరాదు.

ఇప్పుడు 4 మిల్లీసెకన్ల దగ్గర ఆగింది. మిగిలిపోయింది మెరుపు: గడి మొత్తం తాజా అవ్వడానికి 16 ఫ్రేములు, అంటే 60 ఎఫ్‌పీఎస్‌లో పావు సెకను పైనే, ఈలోపు మెరుపు మెరిసి ఆరిపోతుంది. దాన్ని ఈ బఫర్‌లో కలపకుండా, ఆఖర్న మబ్బు మందాన్ని బట్టి విడిగా కలుపుతున్నా.