మేనల్లుడు ఇచ్చిన డబ్బుకి నేను కట్టిన పన్ను: నా అనుభవం

నిన్న సాయంత్రం చలానా కట్టి, రివైజ్డ్ రిటర్న్ వేసి, ఆధార్ ఓటీపీతో వెరిఫై చేసి ఊపిరి పీల్చుకున్నాను. మొత్తం 1,17,572 రూపాయలు. ఒక్క రూపాయి కూడా నేను సంపాదించినదాని మీద కాదు, దాదాపు అంతా మా అక్క కొడుకు ప్రేమగా ఇచ్చినదాని మీద. ఆ మంట ఇంకా చల్లారలేదు, అందుకే రాస్తున్నాను.

మేం రాజమండ్రిలో పాత ఇంటి మీద అంతస్తు వేశాం. 2025 ఫిబ్రవరిలో శ్లాబ్ దగ్గర డబ్బు ఆగిపోయింది. మా అక్క 2,00,000 పంపింది. మేనల్లుడికి మంచి ఉద్యోగం, చిన్నప్పుడు మా ఇంట్లోనే ఉండి చదువుకున్నాడు. వాడు "మామయ్యా, తిరిగివ్వాలని చూడకు" అని 5,60,000 వేశాడు. మార్చిలో గృహప్రవేశానికి నా స్నేహితుడొకడు 40,000 ఖాతాలో వేశాడు. అన్నీ బ్యాంకు ద్వారానే వచ్చాయి, దాచింది ఏమీ లేదు.

జులైలో రిటర్న్ నేనే వేసుకున్నాను. బంధువుల బహుమతికి పన్ను లేదని అందరికీ తెలిసిన మాటే కదా అని మొత్తం 8,00,000 మినహాయింపు ఆదాయం గడిలో పెట్టేశాను. స్నేహితుడి 40,000 యాభై వేల లోపే, అదీ ఫ్రీ అనుకున్నాను. ఆఫీసులో ఇద్దరికి సలహా కూడా ఇచ్చాను, ఇప్పుడు వాళ్ళ మొహం చూడాలంటే ఇబ్బందిగా ఉంది.

నవంబర్లో బ్యాంకు లోను పని మీద ఒక ఆడిటర్ గారి ఆఫీసుకి వెళ్తే, ఆయన నా రిటర్న్ చూసి "ఈ ఎనిమిది లక్షలు ఎవరిచ్చారు?" అన్నారు. చెప్పాను. "అక్క సరే. మేనల్లుడు మీకు బంధువు కాడు" అన్నారు.

నాకు కోపం వచ్చింది. మేనల్లుడు బంధువు కాకపోతే ఇంకెవరండీ బంధువు? వాడి చెవులు కుట్టించేటప్పుడు ఒళ్ళో కూర్చోబెట్టుకున్నది నేను. ఆ మాటే అన్నాను. ఆఫీసులో ఉన్న నలుగురూ నవ్వారు. ఆడిటర్ గారు నవ్వకుండా, "మీ అమ్మాయిని ఆ అబ్బాయికిచ్చి చేసి ఉంటే అల్లుడయ్యేవాడు, రూపాయి పన్ను ఉండేది కాదు" అన్నారు. పక్కన టైపు చేస్తున్న కుర్రాడు కంప్యూటర్ వెనక తల దాచుకున్నాడు. మా అక్క పదేళ్ళ కిందట అదే సంబంధం అడిగింది, నేనే మేనరికం వద్దన్నాను. ఆ సంగతి అక్కడ చెప్పుకోలేను కదా.

కానీ ఆయన జోక్ వేసింది చట్టం లోంచే. ఆ ఏడాదికి వర్తించే 1961 ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ 56(2)(x) ప్రకారం, ఊరికే వచ్చిన డబ్బు పుచ్చుకున్నవాడి ఆదాయం. ఇచ్చినవాడికి పన్ను లేదు, పాత గిఫ్ట్ ట్యాక్స్ 1998లోనే పోయింది. బంధువు ఇస్తే ఎంతైనా మినహాయింపు, దానికి పరిమితి లేదు. అయితే బంధువు ఎవరన్నది చట్టం జాబితాగా రాసి పెట్టింది. భార్య లేదా భర్త. మన తోబుట్టువులు, భార్య తోబుట్టువులు. మన అమ్మానాన్నల తోబుట్టువులు. మన తల్లిదండ్రులు, తాతముత్తాతలు, పిల్లలు, మనవలు. భార్య వైపు కూడా ఈ పై వరసా కింది వరసా. ఇక వీళ్ళందరి భార్యలు, భర్తలు. అంతే.

ఇందులో వరస ఎప్పుడూ పుచ్చుకునేవాడి వైపు నుంచి చూడాలి. నేను బోల్తా పడ్డది ఇక్కడే. నేను మేనల్లుడికి ఐదు లక్షలిస్తే, పుచ్చుకునేది వాడు. నేను వాడి తల్లికి తమ్ముణ్ణి, అంటే జాబితాలో ఉన్నాను. వాడికి పన్ను లేదు. వాడు నాకిస్తే, పుచ్చుకునేది నేను. "తోబుట్టువుల పిల్లలు" అన్న మాట జాబితాలో ఎక్కడా లేదు. అదే ఇద్దరు మనుషులు, అదే రక్తం, డబ్బు ఇటు తిరిగితే పన్ను. రెండు వైపులా ఒకటే ఉంటుందని అనుకోవడమే నా తప్పు.

అప్పటి నుంచి మా చుట్టాలందరినీ వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాను. బావమరిది బంధువే. తోడల్లుడు కూడా బంధువే, ఎందుకంటే భార్య చెల్లెలి భర్త. అతను నాతో మాట్లాడి మూడేళ్ళయింది, అయినా చట్టానికి బంధువే! బాబాయి బంధువు, బాబాయి కొడుకు కాడు. నా మేనమామ బంధువు, మా ఆవిడ మేనమామ నాకు కాడు. ఆయన మా ఆవిడకే ఇస్తే మాత్రం మినహాయింపు ఉంది. కోడలు బంధువు, వియ్యంకుడు కాడు. మన వరసలు తెలిసినవాడు ఎవడూ ఇలాంటి జాబితా రాయడు.

రెండో దెబ్బ స్నేహితుడి 40,000. ఆ ఏడాది అదొక్కటే వచ్చి ఉంటే పన్ను ఉండేది కాదు. కానీ యాభై వేల లెక్క మనిషికి ఇంత అని కాదు. బంధువులు కానివాళ్ళందరి నుంచి ఆర్థిక సంవత్సరంలో వచ్చిన డబ్బు మొత్తం కలిపి చూస్తారు. ఒకరు 30,000, ఇంకొకరు 20,000 ఇస్తే సరిగ్గా యాభై, దాటలేదు కాబట్టి పన్ను లేదు. రెండోవాడు 25,000 ఇస్తే 55,000 మొత్తానికీ పన్ను, పైనున్న 5,000కి మాత్రమే కాదు. అక్క ఇచ్చిన 2,00,000 ఈ కూడికలోకి రాదు. నా విషయంలో 5,60,000కి 40,000 కలిసి 6,00,000 అయింది. గృహప్రవేశం శుభకార్యం కదా అని అడిగాను. సందర్భం పేరుతో మినహాయింపు ఒక్క పెళ్ళికే, అదీ పెళ్ళికూతురికీ పెళ్ళికొడుక్కీ వచ్చినదానికే. ఆ డబ్బు పెళ్ళికూతురి తండ్రి ఖాతాలో పడితే అది ఆయనకి వచ్చిన బహుమతి కింద లెక్క.

ఇక లెక్క. 2024-25 ఆర్థిక సంవత్సరానికి, కొత్త పన్ను పద్ధతిలో నా జీతం 9,75,000, స్టాండర్డ్ డిడక్షన్ 75,000 పోతే 9,00,000. దాని మీద సెస్సుతో 41,600, అది కంపెనీ టీడీఎస్ కింద కోసేసింది. ఇప్పుడు 6,00,000 పైన చేరి 15,00,000 అయింది. పన్ను 1,40,000, నాలుగు శాతం సెస్సు 5,600, మొత్తం 1,45,600. అంటే కొత్తగా కట్టాల్సింది 1,04,000. దీని మీద సెక్షన్ 234బి కింద ఏప్రిల్ నుంచి నవంబర్ దాకా నెలకి ఒక శాతం వడ్డీ, 8,320. అడ్వాన్స్ ట్యాక్స్ వాయిదాల్లో కట్టనందుకు 234సి కింద ఇంకో వడ్డీ 5,252. డబ్బు ఫిబ్రవరిలో వస్తే అంతకు ముందు జూన్ వాయిదా ఎలా కట్టాలని అడిగాను. లాటరీ గెలుపు లాంటివాటికి ఆ వెసులుబాటు ఉందట, బహుమతికి లేదట. నాకు అన్నిటికన్నా అన్యాయంగా అనిపించింది ఇదే.

ఈలోగా ఆ టైపింగ్ కుర్రాడు బయటికి వచ్చి, చెవిలో ఒక ఉపాయం చెప్పాడు. పాత తేదీ స్టాంపు పేపరు మీద అక్క పేరుతో గిఫ్ట్ డీడ్, లేదంటే మేనల్లుడి పేరుతో చేబదులు కాగితం, ఐదు వేలవుతుందట. బ్యాంకు స్టేట్‌మెంట్‌లో మేనల్లుడి పేరు, పక్కన మేనల్లుడే డబ్బు పంపేటప్పుడు రాసిన గిఫ్ట్ అన్న మాట ఉండగా, ఆ కాగితం ఎవరు నమ్ముతారు? పట్టుబడితే పన్నుతో పోదు, తప్పుడు వివరాలిచ్చినందుకు పెనాల్టీ పడుతుంది. నేను రేషన్ కార్డులో కూడా అబద్ధం చెప్పనివాణ్ణి. వద్దన్నాను. నిజంగా అప్పుగా తీసుకుని ఉంటే అసలు పన్నే లేదు, కానీ అప్పయితే తీర్చాలి, తీర్చినట్టు ఖాతాలో కనబడాలి. మేనల్లుడు వద్దన్నది అదే కదా.

ఆ ఏడాది రిటర్న్‌ని 2025 డిసెంబర్ 31 దాకా రివైజ్ చేసుకునే వీలుండటంతో బతికిపోయాను. ఆడిటర్ గారు ITR-2 రిటర్న్ ఫారం తీశారు, అందులో ఇతర ఆదాయాల షెడ్యూల్లో 56(2)(x) కింద ఈ డబ్బుకి విడిగా గడి ఉంది. అక్కడ 6,00,000, మినహాయింపు గడిలో అక్క 2,00,000 మాత్రమే ఉంచారు. చలానా ఇంటి దగ్గరే కట్టాను, పది నిమిషాల పని. అక్క దగ్గర తెల్లకాగితం మీద "నా తమ్ముడికి బహుమతిగా ఇచ్చాను" అని తేదీ, మొత్తం, పాన్ నంబరుతో ఉత్తరం రాయించుకుని, ఆవిడ బ్యాంకు స్టేట్‌మెంట్ కాపీ జతచేసి ఫైల్లో పెట్టాను. బ్యాంకులో పడిన డబ్బుకి ఆ కాగితం చాలట. స్టాంపు పేపరు అమ్మేవాళ్ళు మాత్రం అలా చెప్పరు. ఆడిటర్ గారి ఫీజు 3,000, ఎగతాళి ఉచితం.

వచ్చేముందు అడిగాను, ముందే తెలిసి ఉంటే ఏం చేయాల్సింది అని. మేనల్లుడు తన తల్లికి ఇచ్చుకోవచ్చు, కొడుకు జాబితాలో ఉన్నవాడే. తర్వాత ఆమె తన ఇష్టంతో తమ్ముడికి ఇవ్వొచ్చు, అక్కా ఉంది. కానీ పొద్దున ఆమె ఖాతాలో పడి సాయంత్రానికి అంతే మొత్తం నా ఖాతాలోకి వస్తే, ఆమెను దారి కోసం వాడుకున్నారని ప్రశ్నిస్తారు. ఆ డబ్బు నిజంగా ఆమెదై, ఇవ్వాలన్న నిర్ణయం కూడా ఆమెదే కావాలి.

రాత్రి అక్క ఈ గొడవంతా కొడుక్కి చెప్పేసింది. వెంటనే ఫోన్. "నా వల్లే కదా మామయ్యా, ఆ లక్షా పదిహేడు వేలూ నేను వేసేస్తా, అకౌంట్ నంబరు అదేనా?" అన్నాడు. ఒద్దురా బాబూ అని ఎంత గట్టిగా అరిచానంటే మా ఆవిడ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది. అది వేస్తే ఈ ఏడాది మళ్ళీ యాభై వేలు దాటుతుంది, మళ్ళీ మొత్తానికీ పన్ను. "అయితే నలభై తొమ్మిది వేలు వెయ్యనా?" అన్నాడు. లెక్క తొందరగానే పట్టాడు వెధవ. ముందు గృహప్రవేశం స్నేహితుడికి ఫోన్ చేసి, మార్చి లోపల నాకేమీ ఇచ్చే ఆలోచన లేదు కదా అని కనుక్కోవాలి.