పాయింట్స్ టేబుల్ ఫొటో నుంచి షీట్ దాకా: మా ఆదివారం ఫుట్‌బాల్ లీగ్ లెక్కలు

అనంతపురంలో ఆర్డీటీ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్ళ పుణ్యమా అని క్రికెట్‌తో పాటు ఫుట్‌బాల్ ఆడే పిల్లలు కూడా బాగానే ఉన్నారు. మా కాలనీల మధ్య చిన్న లీగ్ ఒకటి నడుస్తా ఉంది. ఐదు జట్లు, ఒక్కో జట్టు మిగతా నాలుగింటితో ఒక్కోసారి ఆడుతుంది, మొత్తం పది మ్యాచ్‌లు. పైనున్న ఇద్దరికి ఫైనల్. ప్రతి ఆదివారం సాయంత్రం పాయింట్స్ టేబుల్ ఫొటో ఒకటి వాట్సాప్ గ్రూపులో పడుతుంది. రంగులు, లోగోలు అన్నీ బాగుంటాయి. అంకెలు సరిగ్గా ఉన్నాయో లేదో మాత్రం ఎవరూ చూడరు. ఆ ఫొటోని గూగుల్ షీట్‌గా మార్చి, పాయింట్లు తిరిగి లెక్క కట్టే పనిని నేను సరదాకి పెట్టుకున్నా. ఎంతవరకు వచ్చిందో ఇక్కడ రాస్తున్నా.

ఫొటో నుంచి అంకెలు

వాట్సాప్ మామూలుగా పంపే ఫొటోని బాగా కుదిస్తుంది, చిన్న అంకెలు అలుక్కుపోతాయి. అందుకే ఫొటో చేసే తమ్ముడిని డాక్యుమెంట్‌గా పంపమని అడిగా. దాన్ని గూగుల్ డ్రైవ్‌లో పెట్టి, కుడి క్లిక్ చేసి `Open with` → `Google Docs` అంటే ఫొటో కింద అక్షరాలన్నీ వచ్చేస్తాయి. కాకపోతే టేబుల్ టేబుల్‌గా రాదు. చాలాసార్లు ఒక్కో అంకె ఒక్కో లైనులో పడుతుంది. నిజం చెప్పాలంటే ఐదు జట్ల టేబుల్‌కి చేత్తో కొట్టుకోవడమే తొందర. ఫలితాల జాబితా పొడుగ్గా ఉన్నప్పుడే ఈ దారి పనికొస్తుంది.

ఎలా ఎక్కించినా, నమ్మే ముందు కొన్ని కూడికలు చేయాలి. ఒక జట్టు కొట్టిన గోల్ ఇంకో జట్టు తిన్న గోలే కదా, కాబట్టి కొట్టినవన్నీ కలిపినా, తిన్నవన్నీ కలిపినా ఒకటే అంకె రావాలి. మా ఫొటోలో కొట్టినవి 27 వచ్చాయి, తిన్నవి 22. తేడా 5. అంకెలు చదివేటప్పుడు 8 కాస్తా 3 అయితే సరిగ్గా ఐదే తగ్గుతుంది. ఏ వరుసలో అంటే, కమలానగర్ కొట్టినవి 2, తిన్నవి 3 అని వచ్చింది గానీ పక్కనే గోల్స్ తేడా −6 అని ఉంది. ఫొటో పెద్దది చేసి చూస్తే అక్కడ ఉన్నది 8. అది చదవడంలో వచ్చిన తప్పు, తీరిపోయింది.

ఇంకో కూడిక పాయింట్లది. గెలిస్తే 3, డ్రా అయితే చెరొకటి. అంటే తేలిన మ్యాచ్ ఒక్కోటి మూడు పాయింట్లు పంచుతుంది, డ్రా రెండే పంచుతుంది. మొత్తం పాయింట్లు ఎప్పుడైనా మ్యాచ్‌ల సంఖ్యకి మూడింతలు, అందులోంచి డ్రా మ్యాచ్‌లు తీసేస్తే ఎంతో అంతే. ఫొటోలో డ్రాల వరుస కలిపితే 6, అంటే మూడు డ్రా మ్యాచ్‌లు. 30 లోంచి 3 తీస్తే 27. ఫొటోలో పాయింట్లు కలిపితే 28. ఈసారి పెద్దది చేసి చూసినా మారలేదు. రుద్రంపేటకి గెలుపులు సున్నా, డ్రాలు 2, పాయింట్లు 3 అని ఫొటోలోనే ఉంది. ఇది ఫొటో తయారైనప్పుడే పడిన తప్పు. ఈ రెండు రకాలనీ విడివిడిగా పెట్టుకోవాలి, ఒకటి మనం దిద్దుకునేది, ఇంకోటి గ్రూపులో చెప్పాల్సింది.

టేబుల్ చాలదు, ఫలితాలు కావాలి

అసలు చిక్కు రుద్రంపేట పాయింటు కాదు. పైన మూడు జట్లు ఏడేడు పాయింట్లతో ఉన్నాయి, పాతూరు, రాంనగర్, సాయినగర్. ఫొటోలో సాయినగర్ మొదట, రాంనగర్ రెండు, పాతూరు మూడు. "మేము రాంనగర్‌ని కొట్టినాము కదప్పా, మేమెట్ల మూడో ప్లేసు?" అని పాతూరు వాళ్ళ ప్రశ్న. మా నియమాల కాగితంలో పాయింట్లు సమానమైతే ముందు ముఖాముఖి మ్యాచ్‌లు చూడాలని ఉంది, స్పెయిన్ లా లిగాలో ఉన్నట్టు. ఫొటో చేసిన యాప్ మాత్రం ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ పద్ధతిలో మొత్తం గోల్స్ తేడా చూసి పేర్చింది. ఎవరు ఎవరిని ఎంతతో కొట్టారన్నది టేబుల్ ఫొటోలో ఉండదు. అందుకే పది మ్యాచ్‌ల ఫలితాలు గ్రూపులోంచి ఏరి, షీట్ మొత్తం వాటి మీదే కట్టా. టేబుల్ ఫొటో ఇప్పుడు సరిచూసుకోవడానికి మాత్రమే.

ఫలితాలు అతికించేటప్పుడు ఒక తమాషా జరుగుతుంది. `3-1` అని పెడితే షీట్ దాన్ని తేదీ అనుకుంటుంది. `5-0` ని మాత్రం వదిలేస్తుంది, ఎందుకంటే సున్నా నెల లేదు. అందుకే సగం స్కోర్లు గడిలో కుడివైపుకీ, సగం ఎడమవైపుకీ అంటుకుని కనిపిస్తాయి. అలా కనిపిస్తే తేదీలు పడ్డాయని అర్థం. అతికించాక ఫార్మాట్ మారిస్తే స్కోరు వెనక్కి రాదు. ముందే ఆ కాలమ్ ఎంచుకుని `Format` → `Number` → `Plain text` పెట్టి, తర్వాత అతికించాలి.

`Raw` అనే ట్యాబ్‌లో B కాలమ్‌లో స్కోర్లు. `M` అనే ట్యాబ్‌లో A లో ఒక జట్టు, B, C లో గోల్స్, D లో రెండో జట్టు. స్కోరు విడదీసేది `M` లో B2 గడిలో:

```
=IF(Raw!B2="","",SPLIT(Raw!B2,"-–"))
```

కోట్స్ మధ్య ఉన్నవి రెండు గీతలు, ఒకటి పొట్టిది, ఒకటి పొడుగుది. ఫొటోల్లోంచి వచ్చే స్కోర్లలో ఏది ఉంటుందో చెప్పలేం, ఏదున్నా విడిపోతుంది.

E, F కాలమ్‌లలో ఆ మ్యాచ్‌కి ఎవరికెన్ని పాయింట్లో వస్తుంది:

```
=IF(COUNT(B2:C2)<2,"",IF(B2>C2,3,IF(B2=C2,1,0)))
=IF(COUNT(B2:C2)<2,"",IF(C2>B2,3,IF(B2=C2,1,0)))
```

మొదట్లో ఉన్న `COUNT` భాగం తీసేయొద్దు. అది లేకపోతే ఇంకా ఆడని మ్యాచ్‌లో రెండు గడులూ ఖాళీగా ఉంటాయి, ఖాళీ ఖాళీకి సమానమే కాబట్టి షీట్ దాన్ని డ్రా కింద లెక్కేసి చెరో పాయింటు ఇచ్చేస్తుంది.

`T` అనే ట్యాబ్‌లో A లో జట్ల పేర్లు, B లో పాయింట్లు:

```
=SUMIF(M!A:A,A2,M!E:E)+SUMIF(M!D:D,A2,M!F:F)
```

పేర్లు అక్షరం తేడా లేకుండా ఉండాలి. ఒకచోట రాంనగర్, ఇంకోచోట రామ్‌నగర్ అని ఉంటే ఆ మ్యాచ్ లెక్కలోకి రాదు, ఎర్రర్ కూడా చూపించదు. తెలుగులో టైప్ చేస్తే ఇంకో గొడవ, పొల్లు తర్వాత కంటికి కనిపించని గుర్తు ఒకటి చేరుతుంది, చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి. `M` లో పేర్లకి డ్రాప్‌డౌన్ పెట్టేశాక ఈ బాధ పోయింది.

ముగ్గురి మధ్య ముడి

ముఖాముఖి అంటే ఇద్దరి మధ్య అయితే సులువు. ఇక్కడ పాతూరు రాంనగర్‌ని 2-1తో, రాంనగర్ సాయినగర్‌ని 3-1తో, సాయినగర్ పాతూరుని 1-0తో గెలిచాయి. ఎవరూ ఎవరికన్నా పైన లేరు. అప్పుడు ఆ ముగ్గురి మధ్య జరిగిన మ్యాచ్‌లతోనే ఇంకో చిన్న టేబుల్ వేయాలి. షీట్‌లో దీనికి పెద్ద మంత్రమేం అక్కర్లేదు, `M` లో G కాలమ్ ఒకటి చాలు. ఆడిన రెండు జట్ల పాయింట్లు ఇప్పుడు సమానమైతే 1, కాకపోతే 0:

```
=N(VLOOKUP(A2,T!A:B,2,FALSE)=VLOOKUP(D2,T!A:B,2,FALSE))
```

ఇక `T` లో C కాలమ్‌కి G లో 1 ఉన్న మ్యాచ్‌ల పాయింట్లే కూడితే సరి:

```
=SUMIFS(M!E:E,M!A:A,A2,M!G:G,1)+SUMIFS(M!F:F,M!D:D,A2,M!G:G,1)
```

D లో ఇదే పద్ధతిలో ముఖాముఖి గోల్స్ తేడా, E లో మొత్తం గోల్స్ తేడా, F లో మొత్తం కొట్టిన గోల్స్. పేర్చేది ఇది, `T` లోనే పక్కన ఖాళీగా ఉన్న కాలమ్‌లో పెట్టాలి:

```
=SORT(A2:F6,2,FALSE,3,FALSE,4,FALSE,5,FALSE,6,FALSE)
```

వచ్చిన టేబుల్:

| జట్టు | పాయింట్లు | ముఖాముఖి పాయింట్లు | ముఖాముఖి తేడా | మొత్తం తేడా | గోల్స్ |
|---|---|---|---|---|---|
| రాంనగర్ | 7 | 3 | +1 | +3 | 7 |
| పాతూరు | 7 | 3 | 0 | +3 | 6 |
| సాయినగర్ | 7 | 3 | −1 | +4 | 9 |
| కమలానగర్ | 4 | 0 | 0 | −6 | 2 |
| రుద్రంపేట | 2 | 0 | 0 | −4 | 3 |

ఫొటోలో మొదట ఉన్న సాయినగర్ మూడోదయింది. వాళ్ళ +4 అంతా కమలానగర్‌ని 5-0తో కొట్టినందువల్ల వచ్చింది, ముఖాముఖిలో అది లెక్కకు రాదు. సాయినగర్ కెప్టెన్ షీట్ తెరిచి G కాలమ్ మొత్తం వెతుక్కున్నాడు. మూడు చోట్లే 1 ఉంది, ఆ మూడు స్కోర్లూ ఆయనకు గుర్తున్నవే. "సరేలే" అన్నాడు గానీ, యాప్ పద్ధతే నయమని ఇప్పటికీ అంటాడు. ఆయన వాదనలో పస లేకపోలేదు, ఒక్కో జట్టు ఆడిన రెండు ముఖాముఖి మ్యాచ్‌ల కన్నా మొత్తం నాలుగు మ్యాచ్‌ల లెక్క పెద్దదే. కాకపోతే నియమం ముందే రాసుకున్నాం.

ఇంకా మిగిలినవి

అన్నీ సమానమైతే `SORT` నోరు మెదపదు, జాబితాలో ముందు రాసుకున్న జట్టుని పైన పెట్టి ఊరుకుంటుంది. చూసేవాళ్ళు అది నిజమైన ర్యాంకు అనుకుంటారు. అందుకే `T` లో G కాలమ్‌లో ఒక హెచ్చరిక పెట్టా:

```
=IF(COUNTIFS(B$2:B$6,B2,C$2:C$6,C2,D$2:D$6,D2,E$2:E$6,E2,F$2:F$6,F2)>1,"చీటీ","")
```

"చీటీ" అని పడితే షీట్ పని అయిపోయినట్టే, పెద్దవాళ్ళు చీటీలు వేసుకోవాలి. ఇది ఊరి లీగ్‌లోనే జరిగే ముచ్చట కాదు. 2018 వరల్డ్ కప్‌లో జపాన్, సెనెగల్ పాయింట్లలో, గోల్స్ తేడాలో, గోల్స్‌లో సమానమై, వాళ్ళ మధ్య మ్యాచ్ కూడా 2-2 డ్రా అయింది. చివరికి పసుపు కార్డులు తక్కువని జపాన్ ముందుకు పోయింది. మాకు కార్డుల రికార్డు రాసే ఓపిక ఎవరికీ లేదు.

నా షీట్‌కి చేతకానిది ఒకటుంది. ముగ్గురిలో ఒకరు చిన్న టేబుల్‌లో విడిపోయి, మిగతా ఇద్దరు ఇంకా సమానంగా ఉంటే, ఆ ఇద్దరి మ్యాచ్ మాత్రమే మళ్ళీ చూడాలని యుయెఫా పద్ధతి. నా షీట్ అలా వెనక్కి తిరగదు, నేరుగా మొత్తం గోల్స్ తేడాకి పోతుంది. `M` లో H కాలమ్ పెట్టి, పాయింట్లతో పాటు C, D కూడా సమానమైన జట్ల మ్యాచ్‌లకే 1 వేసి, `T` లో వాటి లెక్కని `SORT` లో చేర్చితే సరిపోతుంది. వచ్చే సీజన్‌కి జట్లు పెరుగుతాయంటున్నారు, దాని లోపల అది పూర్తి చేయాలి. గ్రౌండుకి రాని జట్టుకి 3-0 ఓటమి రాయాలా, లేక మధ్యలో మానేసిన జట్టు మ్యాచ్‌లన్నీ కొట్టేయాలా అన్నది కమిటీ ఇంకా తేల్చలేదు. మొదటిదైతే `Raw` లో ఒక స్కోరు రాస్తే అయిపోతుంది. రెండోదైతే ఆ స్కోర్లను ఖాళీ చేస్తే చాలు, `COUNT` వాటిని వదిలేస్తుంది. ఆ స్కోర్లు పక్క కాలమ్‌లో దాచి పెట్టుకోండి, ఆ జట్టు మనసు మార్చుకుని మళ్ళీ వస్తే కావాల్సి వస్తాయి.