వెన్నుపూసల్లో దారం ఎక్కడ దూరాలి? మూడు నమూనాల పని చిట్టా

ఎనిమిది, తొమ్మిదేళ్ళ పిల్లలకు అస్థిపంజరం గురించి టీచరు 35 నిమిషాలు చెప్పే పాఠం కోసం సాగిన పని ఇది. మొత్తం 206 ఎముకలనూ ఒక్క పీరియడ్‌లో చెబితే పిల్లలకు ఆ అంకె తప్ప ఏమీ మిగలదు. అందుకే పాఠాన్ని వెన్నెముక దగ్గరే ఆపాం. వీపు మీద చెయ్యి వేస్తే తగిలే ఎముక కాబట్టి, చెప్పిన ప్రతి మాటనూ పిల్లలు తమ ఒంటి మీదే సరిచూసుకోవచ్చు.

ఇందులో మన భాషే రెండు చిక్కులు పెడుతుంది. వెన్నెముక అనే మాట ఏకవచనం, దాంతో మెడ నుంచి నడుము దాకా ఒకటే పొడుగాటి ఎముక అనుకుంటారు. వెన్నుపూస అనగానే పూసల దండ కళ్ళ ముందుకొస్తుంది, నట్టనడుమ బెజ్జం, అందులోంచి దారం. మొదటి చిక్కు సులువుగానే తీరుతుంది, రెండోదానికి మూడు నమూనాలు పట్టాయి.

మొదటి నమూనా: మూతలు, స్పాంజి, ఎలాస్టిక్

నీళ్ళ సీసాల ప్లాస్టిక్ మూతలు 24. ఒక్కోటి 30 మిల్లీమీటర్ల వెడల్పు, 14 మిల్లీమీటర్ల ఎత్తు. మెడకు 7, ఛాతీ వెనక 12, నడుముకు 5. వాటి కింద చిన్న చెక్కముక్క ఒకటి. పెద్దయ్యాక ఐదు పూసలు ఒకటిగా అతుక్కుని ఏర్పడే త్రికాస్థి స్థానంలో అది ఉంటుంది. తోక ఎముకను వదిలేశాం.

మూత నడుమ అచ్చు పోసినప్పుడు మిగిలిన చిన్న బొడిపె ఉంటుంది. డ్రిల్ మొన దాని మీద నిలవక జారిపోతుంది. ముందు గుండుసూదితో ఒక గుంట చేసుకుని, తర్వాత 3 మిల్లీమీటర్ల మొనతో నెమ్మదిగా తిప్పితే బెజ్జం శుభ్రంగా వస్తుంది. మేకు పెట్టి సుత్తితో కొడితే మూత పగులుతుంది. ఇది పెద్దవాళ్ళు ముందే చేసి పెట్టుకోవాల్సిన పని.

పూసల మధ్య మెత్తటి బిళ్ళల కోసం మొదట ప్యాకింగులో వచ్చే తెల్ల ఫోమ్ వాడాం. నాలుగుసార్లు వంచేసరికి దానికి మడతలు పడ్డాయి, అణిగిన చోట తిరిగి లేవలేదు. గిన్నెలు తోమే స్పాంజి నయం. దాన్ని కాస్త తడిపి పిండి, కొత్త బ్లేడుతో 5 మిల్లీమీటర్ల మందాన కోయాలి. పొడి స్పాంజి బ్లేడు కింద నలిగిపోయి అంచు ఏటవాలుగా తెగుతుంది. కోసినవి పూర్తిగా ఆరాకే గుచ్చాలి.

మరో లోపం గుచ్చాక బయటపడింది. మూతలన్నీ నోరు కిందికి పెట్టి గుచ్చితే, నొక్కినప్పుడల్లా స్పాంజి మూత లోపలి ఖాళీలోకి దూరిపోతోంది. బిళ్ళ అణగడం పిల్లలకు కనిపించాలన్నదే ఉద్దేశం, అది కాస్తా మూతలో దాక్కుంది. అర మిల్లీమీటరు మందం అట్టను మూత సైజులో గుండ్రంగా కత్తిరించి ప్రతి మూత నోటికీ అడ్డం పెడితే సరిపోయింది. అంటించనక్కర్లేదు, ఎలాస్టిక్ బిగువుకే నిలుస్తుంది.

కొలత చూద్దాం. మూతలు 24 × 14 = 336. స్పాంజి బిళ్ళలు 23 × 5 = 115. అట్టలు 24 × 0.5 = 12. అన్నీ కలిపి 463 మిల్లీమీటర్లు. అందులో స్పాంజి వాటా దాదాపు నాలుగో వంతు. మనిషి వెన్నులోనూ బిళ్ళల వాటా ఇంచుమించు అంతే. ఈ పోలిక పోకూడదనుకుంటే 5 మిల్లీమీటర్ల మందం మార్చకండి.

ఎలాస్టిక్ ఎంత బిగించాలో చెప్పేది కూడా ఈ కొలతే. ఖాళీలు పూడేదాకా లాగి, ఆపైన ఇంకొక్క సెంటీమీటరు లాగి పైన గుండీకి ముడి వేయాలి. తర్వాత టేపు పెట్టి కొలిస్తే 45 నుంచి 46 సెంటీమీటర్లు ఉండాలి. 44కు తగ్గిందంటే బిగువు ఎక్కువై స్పాంజి ముందే అణిగిపోయిందన్నమాట, అలాంటిది వంచినా వంగదు. బల్ల మీద పడుకోబెట్టి నడుమ పట్టి ఎత్తినప్పుడు మూతల మధ్య సందులు తెరుచుకుంటే బిగువు చాలలేదు.

బిళ్ళల లెక్కలో ఒక తప్పు చాలాసేపు కనిపించలేదు. 24 మూతల మధ్య 23 సందులు, కాబట్టి 23 బిళ్ళలు. అంకె సరైనదే, చోటు తప్పు. మెడలో మొదటి, రెండో పూసల మధ్య బిళ్ళ ఉండదు. ఆ ఇరవైమూడోది నడుము చివరి పూసకూ త్రికాస్థికీ మధ్య ఉంటుంది. పై సందులోంచి ఒకటి తీసి చెక్కముక్క మీదికి చేర్చాం. మొత్తం పొడవు మారలేదు.

రెండో నమూనా: దారానికి రెండు పనులు వద్దు

అసలు తలనొప్పి ఇక్కడ. మొదటి నమూనా చూపించి "వెన్నుపాము ఎక్కడుంది?" అని అడిగితే ఏ పిల్లైనా నడుమనున్న ఎలాస్టిక్కే చూపిస్తుంది. అలా చూపించడంలో తప్పు లేదు, దండలో ఉన్నది ఆ ఒక్క దారమే కదా. కానీ అందులోంచి రెండు అబద్ధాలు పుడతాయి. వెన్నుపాము పూస నడుమ నుంచి పోతుందనేది ఒకటి, పూసలను పట్టి ఉంచేది వెన్నుపామే అనేది రెండోది. నిజానికి పూసలో బరువు మోసే గుండ్రటి దిమ్మ ముందుంటుంది. దాని వెనక ఎముకతోనే ఏర్పడిన కమాను, ఆ కమాను కిందుగా వెన్నుపాము పోతుంది. పూసలను కట్టి ఉంచేవి సంధి బంధనాలు, కండరాలు.

కాబట్టి దారాలు రెండు కావాలి. నడుమ ఎలాస్టిక్ కట్టు మాత్రమే. వెన్నుపాముకు మెత్తటి ఊలు, మూడు పోగులు జడలా అల్లినది. అది పోవడానికి ప్రతి మూత వెనకా ఒక స్ట్రా ముక్క.

స్ట్రా ముక్కను జిగురుతో అంటించబోతే నిలవలేదు. ఈ మూతలు చేసే ప్లాస్టిక్‌ను జిగురు సరిగా పట్టదు. వేడి జిగురు సైతం ఆరాక పెచ్చులా ఊడి వచ్చింది. గరుకు కాగితంతో రుద్దితే కొంత మేలు, కానీ పిల్లల చేతుల్లో పది నిమిషాలు ఆగదు. చివరికి జిగురు మానేసి గుడ్డ టేపుకు మారాం. ఒక సెంటీమీటరు వెడల్పు, 15 సెంటీమీటర్ల పొడవు పట్టీని మూత చుట్టూ తిప్పి, స్ట్రాను కూడా చుట్టి, మిగిలిన రెండు కొసలనూ వెనకవైపు ఎదురెదురుగా అంటించాలి. ఆ కొసల మధ్య 2 సెంటీమీటర్ల ఐస్‌క్రీం పుల్ల ముక్క పెడితే చేప రెక్కలాంటిది తయారవుతుంది. పూస వెనక పొడుచుకొచ్చే ముల్లు అదే. వీపు మీద వేలికి తగిలే గుబ్బలన్నీ ఈ ముళ్ళ కొసలు. పూస దిమ్మ చాలా లోపల ఉంటుంది, వేలికి అందదు.

టేపుకు రంగులు పెట్టుకుంటే భాగాలు చెప్పడం కూడా తేలికవుతుంది. మెడకు పసుపు 105 సెంటీమీటర్లు, ఛాతీకి నీలం 180, నడుముకు ఎరుపు 75. ఛాతీ పూసల రెక్కలు పెంకుల్లా కిందికి వాలాలి, నడుమువి తిన్నగా వెనక్కి ఉండాలి. అలా పెట్టాక నమూనాను వెనక్కి వంచితే ఛాతీ రెక్కలు ఒకదానికొకటి తగిలి ఆగిపోతాయి. ఛాతీ దగ్గర వెన్ను వెనక్కి అంతగా ఎందుకు వంగదో అక్కడ చేతికే తెలుస్తుంది.

స్ట్రా ముక్కలు మూతంత ఎత్తు ఉండకూడదు. మొదట 14 మిల్లీమీటర్లు కోస్తే, వెనక్కి వంచినప్పుడు కొసలు గుద్దుకుని ఊలు నలిగింది. 10 మిల్లీమీటర్లు కోసి మూతకు మధ్యలో పెడితే పైనా కిందా రెండేసి మిల్లీమీటర్లు మిగిలి కదలిక హాయిగా ఉంది. ఊలును పైన మాత్రమే కట్టి, కింద వదిలేయాలి. ముందుకు వంచితే వెనకభాగం సాగి, కింది కొస పైకి జరుగుతుంది. ఇంకొక విషయం: జడ ఇరవయ్యో మూత దాకానే. వెన్నుపాము నడుము మొదటి, రెండో పూసల దగ్గర ఆగిపోతుంది, అక్కడి నుంచి కిందికి పోయేది నరాల కుచ్చు. ఇరవయ్యో మూత దగ్గర జడ విప్పి పోగులుగా వదిలితే చాలు.

మూడో నమూనా: వంపులు

రెండో నమూనా కర్రలా తిన్నగా నిలబడింది. పక్క నుంచి చూస్తే వెన్ను అలా ఉండదు. మెడ దగ్గర ముందుకు, ఛాతీ దగ్గర వెనక్కి, నడుము దగ్గర మళ్ళీ ముందుకు వంగి ఉంటుంది. మెడ, నడుము బిళ్ళలను ముందువైపు 7, వెనక 3 మిల్లీమీటర్లు ఉండేలా ఏటవాలుగా కోశాం. సగటు 5 కాబట్టి పొడవు చెడలేదు. మనిషిలోనూ ఆ రెండు చోట్ల బిళ్ళలు ముందువైపే మందం. ఛాతీ వంపు మాత్రం ఎక్కువగా ఎముకల ఆకారం వల్ల వస్తుంది, మూతలను అలా కోయలేం గనక దాన్ని చేత్తో వంచి చూపించడమే.

పాఠం నడిచిన వరస

నమూనా మొదటే బయటపెట్టకపోవడం మంచిది. టీచరు ముందు ఒక స్కేలు పట్టుకుని, "వెన్ను ఒకే ఎముకైతే ఇలా ఉండాలి. ఇప్పుడు వంగి చెప్పుల బెల్టు పెట్టుకోండి చూద్దాం, నడుం వంచకుండా," అంటారు. నవ్వులయ్యాక, "తల దించండి. మెడ కింద వేలు పెట్టండి. గట్టిగా ఒక గుబ్బ తగులుతోందా?" అది సాధారణంగా ఏడో మెడ పూస ముల్లు. నమూనాలో పసుపు రంగు ముగిసే చోటు అదే. పిల్లలు తమ వీపు మీది గుబ్బనూ మూత రెక్కనూ కలిపి చూసేది ఇక్కడే కాబట్టి తొందరపడకుండా ఐదు నిమిషాలైనా ఇవ్వాలి.

తర్వాత తల ఆడించడం. "అవును" అని ఊపేది పుర్రెకూ మొదటి పూసకూ మధ్య. "కాదు" అని తిప్పేది మొదటి, రెండో పూసల మధ్య. టేపు అయిపోయిన అట్ట చుట్టను నిలబెట్టిన పెన్సిలుకు తొడిగి తిప్పితే సరిపోతుంది. మొదటి పూస ఉంగరంలా, రెండోది పైకి లేచిన మొన ఉన్నట్టుగా ఉంటాయి. ఆ సందులో బిళ్ళ ఎందుకు తీసేశామో కూడా ఇప్పుడే చెప్పవచ్చు.

బిళ్ళ అణగడం చూపించడానికి మొత్తం దండ మీద బరువు పెట్టకూడదు, పక్కకు వాలి కూలుతుంది. విడిగా మూడు మూతలు, రెండు బిళ్ళలు పేర్చి పైన ఒక పల్చటి నోటు పుస్తకం పెడితే చాలు. లావు పుస్తకమైతే స్పాంజి అట్టముక్కలా అణిగి తేడా తెలియదు. పెద్దవాళ్ళ ఎత్తు సాయంత్రానికి సుమారు ఒక సెంటీమీటరు తగ్గుతుందనే సంగతి ఇక్కడ అతుకుతుంది. కానీ స్పాంజి పుస్తకం తీయగానే లేస్తుంది, వెన్నులోని బిళ్ళ అలా లేవదు. పగలు దానిలోంచి నీరు కొద్దికొద్దిగా బయటికి పోతుంది, రాత్రి పడుకున్నాక మెల్లగా తిరిగి చేరుతుంది. పళ్ళెంలో తడి స్పాంజి ఒకటి నొక్కి నీరు కారడం చూపిస్తే ఆ తేడా పూడుతుంది. తడి స్పాంజిని నమూనాకు దూరంగా ఉంచండి, అట్టలు నానితే మళ్ళీ అన్నీ విప్పాలి.

మిగిలిన పని

24 మూతలూ ఒకే సైజు, అది ఇంకా తప్పే. కిందికి పోయేకొద్దీ పూసలు పెద్దవవుతాయి. నడుము ఐదింటికి 38 మిల్లీమీటర్ల వెడల్పు మూతలు పెట్టాలి. వాటికి ఎలాస్టిక్ బెజ్జం నట్టనడుమ వేస్తే స్ట్రా 4 మిల్లీమీటర్లు వెనక్కి పోయి ఊలు మెలిక తిరుగుతుంది. బెజ్జాన్ని అంతే దూరం వెనకంచు వైపు జరిపి వేయాలి.