ధర కదలని రోజున 33 నుంచి 86కు: స్టొకాస్టిక్ ఆర్‌ఎస్‌ఐతో నా అనుభవం

హన్మకొండలో ఇంటి దగ్గరే కూర్చొని రోజువారీ చార్టులు చూస్తూ షేర్లు కొని అమ్మే నాకు, ఒక నెలలో ఒకే సిమెంటు షేరును మూడుసార్లు కొని మూడుసార్లూ నష్టానికి అమ్మవలసి వచ్చింది. మూడుసార్లూ నేను నమ్మినది, షేరు ఊపును 0 నుంచి 100 మధ్య చూపే స్టొకాస్టిక్ ఆర్‌ఎస్‌ఐ గీతనే. 20 కిందికి దిగి మళ్ళీ పైకి దాటగానే కొన్నాను, రెండు మూడు రోజులకే అది 80 దాటి వెనక్కి తిరగగానే అమ్మాను. ఆ మధ్యకాలంలో ధర మాత్రం దాదాపు ఉన్నచోటనే ఉంది. గీత అంతగా ఊగడానికి కారణం తెలియాలంటే దాన్ని నేనే లెక్కకట్టి చూడాలనిపించి, స్ప్రెడ్‌షీట్ తెరిచాను.

A వరుసలో ముగింపు ధరలు, B వరుసలో 14 రోజుల ఆర్‌ఎస్‌ఐ పెట్టుకున్నాను. వెల్లెస్ వైల్డర్ 1978లో వెలువరించిన ఆర్‌ఎస్‌ఐ, పెరుగుదలల సగటును తగ్గుదలల సగటుతో పోల్చి 0 నుంచి 100 మధ్య ఒక అంకెను ఇస్తుంది. అది చాలాకాలం, అతిగా అమ్మారనీ అతిగా కొన్నారనీ చెప్పే 30, 70 గీతలను తాకకుండా మధ్యలోనే తిరుగుతూ ఉంటుంది కాబట్టి, ఇంకా చురుకైన సూచిక కావాలని తుషార్ చందే, స్టాన్లీ క్రోల్ 1994లో ధరకు వాడే స్టొకాస్టిక్ లెక్కను ఆర్‌ఎస్‌ఐకే వర్తింపజేశారు. గత 14 రోజుల ఆర్‌ఎస్‌ఐలలో కనిష్ఠానికి నేటి విలువ ఎంత పైన ఉందో చూసి, దాన్ని గరిష్ఠ కనిష్ఠాల తేడాతో భాగించడమే ఆ లెక్క.

```
=(B29-MIN(B16:B29))/(MAX(B16:B29)-MIN(B16:B29))
```

మొదటి ఆర్‌ఎస్‌ఐకి 15 ముగింపు ధరలు, ఆపైన 14 ఆర్‌ఎస్‌ఐలు పూర్తి కావడానికి మరో 13 కావాలి కనుక, 28వ ధర దగ్గర మాత్రమే తొలి విలువ వస్తుంది. అక్కడే నాకు మొదటి చిక్కు ఎదురైంది. ఒక రోజున నా పట్టికలో 1 వచ్చింది, అంటే 100తో గుణించి చూపే చార్టు కొలతలో 100. చార్టులో మాత్రం 70.83 ఉంది. ఆర్‌ఎస్‌ఐలు తప్పాయేమోనని ఒక సాయంత్రమంతా వెతికాను. చివరికి తేలిందేమిటంటే, చార్టులోని K గీత అసలు విలువ కాదు, మూడు రోజుల విలువల సగటు. D గీత ఆ K కి మరో మూడు రోజుల సగటు.

ఆ మూడు రోజుల అంకెలే నా కళ్ళు తెరిపించాయి. అంతకుముందు ఆర్‌ఎస్‌ఐ 52కు, 56కు మధ్యనే తిరుగుతోంది. మొదటి రోజు 53, అంటే 4లో 1, విలువ 0.25. రెండవ రోజు 55.5, విలువ 0.875. మూడవ రోజు 57, అది కొత్త గరిష్ఠం కాబట్టి విలువ 1. ఆర్‌ఎస్‌ఐ కదిలింది నాలుగే పాయింట్లు, 70 దరిదాపులకు కూడా రాలేదు. దాని మీద కట్టిన గీత మాత్రం శిఖరానికి చేరింది. అదే ఆర్‌ఎస్‌ఐ 30కి, 70కి మధ్య తిరుగుతూ ఉండి ఉంటే, ఆ నాలుగు పాయింట్లకు గీత పదో వంతు మాత్రమే కదిలేది.

ఏనుమాముల మార్కెట్‌లో అడ్తి నడిపే మా బావకు ఇది చెబితే, ఆయన పత్తి ధరతో పోల్చి వెంటనే పట్టేశారు. "రెండు వారాల సంది క్వింటాలు 7,000కు, 7,040కి నడుమనే తిరుగుతున్నదనుకో బామ్మర్దీ. ఇయ్యాల 7,040 పలికితే పైకెక్కిందని రైతుకు చెప్తమా? ఎక్కువ తక్కువల నడుమ తేడా ఎంతున్నదో ముందుగాల సూడాలె గద" అన్నారు. స్టొకాస్టిక్ ఆర్‌ఎస్‌ఐ చూపనిది సరిగ్గా ఆ తేడానే. హారం చిన్నదయ్యే కొద్దీ అదే కదలిక పెద్దదిగా కనిపిస్తుంది, హారం సున్నా అయితే లెక్కే రాదు.

గీత అంతగా ఊగడానికి రెండవ కారణం మరింత ఆశ్చర్యపరిచింది. ఒక రోజు ముగింపు ధర ముందురోజుదే ఉంది. అలాంటప్పుడు వైల్డర్ పద్ధతిలో రెండు సగటులూ ఒకే నిష్పత్తిలో తగ్గుతాయి కనుక ఆర్‌ఎస్‌ఐ కూడా మారదు. అది 56 దగ్గరే నిలిచింది. ముందురోజు వరకు కనిష్ఠం 50, గరిష్ఠం 68, విలువ 18లో 6, అంటే 0.33. ఆ 68 సరిగ్గా 14 రోజుల వెనుకటిది కావడంతో ఆనాడు లెక్కలోంచి జారిపోయింది. మిగిలిన వాటిలో గరిష్ఠం 57. ఇప్పుడు 7లో 6, విలువ 0.86. ధర కదలలేదు, ఆర్‌ఎస్‌ఐ కదలలేదు, పాత అంకె ఒకటి వెళ్ళిపోయినందుకే విలువ ఎగిరింది. మూడు రోజుల సగటు ఆ ఎగురును మూడు మెట్లుగా పంచి నెమ్మదిగా ఎక్కినట్టు చూపుతుంది కాబట్టి, చార్టు మాత్రమే చూసేవారికి అది నిజమైన ఊపులాగే కనిపిస్తుంది.

ఆ తరువాత నా పట్టికలో C వరుసను హారానికే కేటాయించాను. అందులో 10 కంటే తక్కువ ఉన్న రోజుల్లో 20, 80 గీతల దాటింపులను నేను లెక్కలోకి తీసుకోవడం లేదు. ఆ 10 నా అంచనాయే తప్ప ఎవరూ నిర్ణయించిన హద్దు కాదు. నష్టానికి అమ్మిన ఆ మూడు సందర్భాల్లోనూ వెనక్కి వెళ్ళి చూస్తే, కొన్న రోజున C వరుసలో ఉన్న అంకెలు 5, 4, 6.