చివరి చప్పట్లు కలవలేదు

గంటసేపటి సంభాషణ ఒకటి ఎడిట్ చేసి ఈ రోజే అప్పగించాలని పొద్దున్నే కూర్చున్నాను. మధ్యాహ్నానికి ముగుస్తుందనుకున్న పని దీపాలు పెట్టేవేళ దాకా సాగింది. ఒకే గదిలో మాట్లాడుకున్న ఇద్దరి గొంతులకు మూడు పరికరాలు పెట్టాము: కెమెరా, నా రికార్డరు, మిత్రుడి రికార్డరు. మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి మూడింటికీ వినబడేలా చప్పట్లు కొట్టించడమొక్కటే ఆ రోజు నేను చేసిన తెలివైన పని.

మూడు ఫైళ్లనూ టైమ్‌లైన్ మీద పెట్టి, మొదటి చప్పట్ల దగ్గర వేవ్‌ఫాంలను కలిపి ప్లే చేయగానే మిత్రుడి ట్రాక్‌లోని గొంతు పలుచబడి, చిన్నపిల్లవాడు తొందరపడుతున్నట్లు వినిపించింది. మొదట హెడ్‌ఫోన్లు తగిలించిన ఆడియో పరికరాన్ని అనుమానించాను గాని, దాని శాంపిల్ రేటు, అంటే సెకనుకు ఎన్ని శబ్ద నమూనాలన్న లెక్క, తప్పితే అన్ని ట్రాక్‌లూ ఒకే తీరున మారాలి. ఇక్కడ ఒక్కటే మారింది కనుక లోపం ఆ ఫైలులోనో, దాన్ని ప్రాజెక్టులోకి తెచ్చిన పద్ధతిలోనో ఉండాలి. అదే ఫైలును విడిగా మామూలు ప్లేయరులో వింటే గొంతు సహజంగానే ఉంది. అంటే ఫైలు తన గురించి తాను నిజమే చెబుతున్నది, దాన్ని తప్పుగా చదువుతున్నది నా ప్రాజెక్టే. తర్వాత రేటు అడిగి చూశాను.

```
ffprobe -v error -show_entries stream=sample_rate,duration -of default=nw=1 mitra.wav
```

44100 అని వచ్చింది. ప్రాజెక్టు 48000. ఫైలును లోపలికి తెచ్చేటప్పుడు రేటు మార్చమంటారా అని సాఫ్ట్‌వేర్ అడిగితే, నాణ్యత చెడుతుందేమోనన్న భయంతో వద్దన్నది నేనే. దాంతో అది సెకనుకు 44100 చొప్పున తీసిన నమూనాలను సెకనుకు 48000 చొప్పున వినిపించింది. వేగం సుమారు 8.8 శాతం పెరిగింది, శ్రుతి దాదాపు ఒకటిన్నర స్వరస్థానాలు పైకి వెళ్లింది. రెండు చప్పట్ల మధ్య 3480 సెకన్లు ఉండవలసింది ఈ ట్రాక్‌లో 3197 సెకన్లకే ముగిసింది. చెవి మీద నమ్మకం లేనివారికి ఈ నిడివే సాక్ష్యం: వచ్చిన నిడివిని ఉండవలసిన నిడివితో భాగిస్తే 0.919 దగ్గర తేలిందంటే కారణం 44100, 48000ల తారుమారే.

ఇక్కడే చాలామంది, ఒకప్పుడు నేను కూడా, పిచ్ దించే ఎఫెక్టు వేసి గొంతును సరిచేయాలని చూస్తాము. గొంతు దిగుతుంది కాని నిడివి తక్కువగానే మిగులుతుంది, పైగా మాట గరగరలాడుతుంది. చేయవలసింది అసలు ఫైలు నుంచి 48000కు కొత్త నమూనాలు లెక్కగట్టించడం.

```
ffmpeg -i mitra.wav -ar 48000 -c:a pcm_s24le mitra_48.wav
```

విడి ప్లేయరులో కూడా గొంతు తప్పుగా వినిపించి ఉంటే ఈ ఆజ్ఞ వల్ల ప్రయోజనం ఉండేది కాదు. అప్పుడు ఫైలు మొదట్లో రేటు రాసి ఉండే హెడరే అబద్ధం చెబుతున్నట్లు లెక్క, ఆ అబద్ధాన్ని నమ్మి చేసిన మార్పిడి తప్పు శ్రుతిని యథాతథంగా కొత్త ఫైలులోకి మోసుకొస్తుంది. అటువంటప్పుడు నమూనాలను ముట్టుకోకుండా, ముందుగా వాటి మీది రేటు చీటీనే ffmpegలోని asetrate ఫిల్టరుతో మార్చాలి.

కొత్త ఫైలు పెట్టాక గొంతు గొంతులా వినిపించింది, పని అయిపోయిందనుకున్నాను. ఇరవయ్యో నిమిషం దగ్గర నా రికార్డరు గొంతు వెనుక ఏదో బోలుతనం తగిలింది. చివరికి వెళ్లేసరికి అది స్పష్టమైన ప్రతిధ్వని అయింది. కెమెరా ట్రాక్‌లో చివరి చప్పట్లు మొదటివాటి నుంచి 3480.000 సెకన్ల దగ్గర ఉంటే, నా రికార్డరులో 3480.174 దగ్గర ఉన్నాయి. రెండు ఫైళ్లూ 48000 అనే చెబుతున్నాయి, రెండూ తమకు తెలిసినంతలో నిజమే చెబుతున్నాయి. ప్రతి పరికరంలోనూ సెకనును కొలిచేది దాని సొంత క్రిస్టల్, ఏ రెండు క్రిస్టళ్లూ సరిగ్గా ఒకే వేగంతో కొట్టుకోవు. కెమెరా సెకనులో నా రికార్డరు 48002.4 నమూనాలు తీసింది. పది లక్షలకు యాభై పాళ్ల తేడా ఇది. గంట సాగితే 25 ఫ్రేముల వీడియోలో నాలుగు ఫ్రేములు దాటుతుంది. వీటిలో ఏ గడియారం నిజమైనదో తేల్చవలసిన అవసరం నాకు లేదు. బొమ్మ కెమెరాది కనుక కెమెరా కాలమే నాకు ప్రమాణం.

సరిదిద్దే ముందు తేడా సమంగా పెరుగుతున్నదో లేదో చూసుకోవాలి. దాదాపు నడుమ, 1740వ సెకను ప్రాంతంలో, ఎవరో బల్ల మీద కప్పు పెట్టిన చప్పుడు దొరికింది. అక్కడ తేడా 86 మిల్లీసెకన్లు, అంటే మొత్తంలో దాదాపు సగం. ఒకచోట ఉన్నట్టుండి దూకి ఉంటే అది గడియారం తప్పు కాదు, రికార్డరు మధ్యలో కొంత ముక్కను జారవిడిచిందని అర్థం. ఆ గాయానికి సాగదీత మందు కాదు, ఆ చోటనే కోసి అతకాలి.

చేతికి అలవాటైన asetrateనే వాడబోయాను గాని అది పూర్ణసంఖ్యనే తీసుకుంటుంది. 48002 ఇస్తే మిగిలిన 0.4 చివరికి 29 మిల్లీసెకన్లు అవుతుంది. ఒకే గదిలోని రెండు మైకులను కలిపి వినిపించేటప్పుడు అంత తేడా చెవికి దొరుకుతుంది. అందుకని సాక్స్ అనే మరో ఆడియో పనిముట్టు వైపు వెళ్లాను.

```
sox nenu.wav nenu_fix.wav speed 1.00005 rate -v 48000
```

వేగంతోపాటు శ్రుతి కూడా మారుతుందే అని ఒక్క క్షణం సందేహించాను. మారేది స్వరస్థానంలో వెయ్యో వంతుకన్నా తక్కువ. శ్రుతిని కదపకుండా నిడివి మార్చే టైమ్‌స్ట్రెచ్ ఎఫెక్టులు శబ్దాన్ని ముక్కలుగా కోసి అతుకుతాయి. వినబడని దోషాన్ని తప్పించుకోవడానికి వినబడే దోషాన్ని కొనితెచ్చుకోవడం నాకిష్టం లేదు.

మిత్రుడి ట్రాక్‌లో చివరికి 31 మిల్లీసెకన్ల తేడా మిగిలింది. దానికి ఈ తతంగమంతా పెట్టుకోలేదు. నడుమ ఇద్దరూ మౌనంగా ఉన్న చోట కోసి, రెండో సగాన్ని పదిహేనున్నర మిల్లీసెకన్లు జరిపాను. దాంతో ఎక్కడా తేడా అంతకు మించదు, ఆ గొంతును నేను వాడుతున్నది కూడా కెమెరా మైకును పూర్తిగా మూసేసిన చోట్లనే.

ఆఖరున టైమ్‌లైన్ చివరికి వెళ్లి జూమ్ చేసి చూశాను. కెమెరా, నా రికార్డరు ట్రాక్‌లలో చప్పట్ల గీతలు ఒకదాని కింద ఒకటి నిలబడ్డాయి. మూడోది ఒక వెంట్రుకవాసి పక్కకు ఉంది. మిత్రుడికి ఫోన్ చేసి, వచ్చేసారి రికార్డరును 48000కు పెట్టమన్నాను. అది మొదటినుంచీ అలాగే ఉందనుకున్నానని అన్నాడు.