ఏ బ్లాకులోనూ పగులు లేదు: ‘నో’, ‘నాట్’, ‘ఎనీ’తో నా అనుభవం

నేను ఒంగోల్లో ఉంటాను. చీమకుర్తి గ్రానైట్ బ్లాకులు బయటి దేశాలకు పంపే ఒక ఆఫీసులో మెయిళ్లు రాసే పని నాది. నల్లటి రాతిలో బంగారు చుక్కలు మెరుస్తాయే, ఆ గెలాక్సీ రాయి. కొనేవాళ్లు రాయి కంటే ముందు నా మెయిలే చూస్తారు. సైజులు, బరువులు రాయడంలో నాకెప్పుడూ ఇబ్బంది రాలేదు. అంకెలే కదా. ‘లేదు’ అని చెప్పాల్సి వచ్చినప్పుడల్లా తప్పు దొర్లేది.

ఒకసారి పద్నాలుగు బ్లాకుల ఆర్డరు వచ్చింది. కొనేవాళ్లు “డూ ఎనీ ఆఫ్ ద బ్లాక్స్ హావ్ క్రాక్స్?” అని అడిగారు. సూపర్‌వైజరు క్వారీలో ప్రతి బ్లాకునీ తడిపి, సన్న పగుళ్ల కోసం వెతికి, “ఏ బ్లాకులోనూ పగులు లేదమ్మా, రాసెయ్” అని ఫోన్లో చెప్పాడు. నేను “నో బ్లాక్ డజ్ నాట్ హావ్ ఎ క్రాక్” అని రాసి పంపాను.

మర్నాడు లోడింగ్ ఆపమని మెయిలొచ్చింది. పగులు లేని బ్లాకు ఒక్కటీ లేదని, అంటే పద్నాలుగింటిలోనూ పగుళ్లు ఉన్నాయని నేనే రాసిచ్చానట. మా మేనేజరు ఫోను చేసి సర్దిచెప్పి, ఫొటోలు మళ్లీ తీయించి పంపేసరికి రెండు రోజులు పోయాయి. నన్నెవరూ తిట్టలేదు. అయినా ఆ వాక్యంలో తప్పెక్కడుందో నాకే అర్థం కాకపోవడం బాగా బాధించింది. ‘ఏ బ్లాకులోనూ’కి ‘నో బ్లాక్’, ‘లేదు’కి ‘డజ్ నాట్ హావ్’. మాటకు మాట సరిగ్గానే పెట్టాను కదా అనుకున్నాను.

మా వీధిలో హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరైన మేష్టారు ఒకాయన ఉన్నారు. ఆదివారం పొద్దున ఆ మెయిలు ప్రింటు తీసుకుని వెళ్లాను. ఆయన చదివి, ఇంగ్లీషు జోలికి పోకుండా నన్నొక తెలుగు ప్రశ్న అడిగారు.

“అమ్మాయ్, ‘మా నాన్న ఎప్పుడూ టీ తాగుతాడు’ అంటే ఏంది?”

“రోజూ తాగుతాడని సార్.”

“మరి ‘ఎప్పుడూ టీ తాగడు’ అంటే?”

“అసలు తాగడని.”

“రెండిట్లోనూ ‘ఎప్పుడూ’ ఉంది కదా. ఒక దాంట్లో ‘ఆల్వేస్’ ఎట్టయింది, ఇంకో దాంట్లో ‘నెవర్’ ఎట్టయింది?”

కాసేపు ఆలోచించాను. ‘ఎప్పుడూ’లో లేదనే అర్థమే లేదు. అదంతా ‘తాగడు’లో ఉంది. ‘ఎవరూ, ఏమీ, ఎక్కడా’ కూడా అంతే. ‘ఎవరు’ అనే ప్రశ్నమాట చివర దీర్ఘం తీస్తే ‘ఎవరూ’ అవుతుంది, దాన్ని కాదనేది వెనక వచ్చే క్రియే. చిన్నప్పుడు ‘ఏమీ లేదు’ అంటే ‘నథింగ్’ అని బట్టీ పట్టాను. ‘ఏమీ’ ఒక్కదానికే ‘నథింగ్’ అని మనసులో పడిపోయింది. అందుకని ‘ఏమీ’కి ఒక ‘నో’, ‘లేదు’కి ఒక ‘నాట్’ పెట్టేదాన్ని. “నాకు అస్సలు టైము లేదు” అన్నది “ఐ డోంట్ హావ్ నో టైమ్” అయ్యేది ఇందుకే. తెలుగులో ఒక్కసారే ఉన్న ‘లేదు’ని ఇంగ్లీషులో రెండుసార్లు చెబుతున్నానన్నమాట.

నాకో అనుమానం వచ్చింది. ఇంగ్లీషు పాటల్లో, సినిమాల్లో వాళ్లే “డోంట్ హావ్ నో” అంటారు కదా అని అడిగాను. ఇంగ్లాండులో, అమెరికాలో చాలామంది ఇళ్లలో అట్టా మాట్లాడతారని, అది వాళ్ల యాసకు సహజమేనని, ఆరొందల ఏళ్ల కిందటి చాసర్ కవి కూడా లేదని గట్టిగా చెప్పడానికి రెండు మూడు ‘నో’లు పెట్టాడని ఆయన చెప్పారు. అలా మాట్లాడేవాళ్ల మధ్య “డోంట్ హావ్ నో టైమ్” అంటే టైము ఉందని ఎవరూ అనుకోరు. ఆఫీసు కాగితాల్లో, పరీక్షల్లో, వ్యాపారపు మెయిళ్లలో వాడే ఇంగ్లీషులో మాత్రం అది తప్పు. నా మెయిల్లోలాగా ‘నో బ్లాక్’ ముందొచ్చి వెనక ‘డజ్ నాట్’ వస్తే ఆ ఇంగ్లీషు చదివేవాడు రెండు కాదనడాలనూ లెక్కేసుకుంటాడు. అప్పుడు అర్థం తిరగబడుతుంది.

ఆయన నాతో చేయించిన పని చిన్నదే. పంపిన మెయిళ్లలోంచి ‘లేదు’ అర్థం వచ్చే వాక్యాలు ఏరి నోటుబుక్కులో రాసుకున్నాను. ఒక్కోదాని పక్కన నేను చెప్పదలుచుకున్న తెలుగు వాక్యం రాసి, అందులో ‘లేదు, రాలేదు, కాదు, తెలియదు’ లాంటి క్రియకు ఎర్ర పెన్నుతో సున్నా చుట్టాను. ప్రతి వాక్యంలో ఒకే సున్నా వచ్చింది. కాబట్టి ఇంగ్లీషులో కూడా కాదనే మాట ఒక్కటే ఉండాలి. “ఐ డోంట్ హావ్ నో టైమ్” అన్న చోట రెండిట్లో ఒకటి తీసేయాలి. ‘నో’ తీస్తే దాని స్థానంలో ‘ఎనీ’ వస్తుంది: “ఐ డోంట్ హావ్ ఎనీ టైమ్.” ‘డోంట్’ తీస్తే “ఐ హావ్ నో టైమ్.” రెండూ సరైనవే. రెండోది కొంచెం గట్టిగా, తేల్చి చెప్పినట్టు ఉంటుంది. మెయిళ్లలో నేను మొదటిదే ఎక్కువ వాడతాను.

వారం రోజులు హాయిగా గడిచాయి. తర్వాత ఇంకో రకం తప్పు మొదలైంది. ‘నో’ ఉన్న చోటల్లా ‘ఎనీ’ పెట్టడం మొదలుపెట్టాను. “పోర్టు నుంచి ఎవరూ రాలేదు” అనడానికి “ఎనీబడీ డిడ్ నాట్ కమ్ ఫ్రమ్ ద పోర్ట్” అని రాశాను. ఒకే ‘నాట్’ ఉంది, ‘ఎనీ’ ఉంది, సరిపోయిందనుకున్నాను. మేష్టారు చూసి కొట్టేశారు.

ఈ ముక్క నేను చదివిన స్పోకెన్ ఇంగ్లీషు పుస్తకాల్లో ఎక్కడా సరిగ్గా కనిపించలేదు, అందుకే వివరంగా రాస్తున్నాను. కాదనే అర్థం తెచ్చుకోవాలంటే ‘ఎనీ’కి ముందుగా ఒక ‘నాట్’ గానీ ‘నో’ గానీ ‘నెవర్’ గానీ వచ్చి ఉండాలి. తెలుగులో మనకు ఈ బాధ లేదు. మన క్రియ చివరికి వస్తుంది. ‘ఎవరూ’ ముందొచ్చినా, ‘లేదు’ వచ్చేదాకా వినేవాడు ఆగుతాడు. ఇంగ్లీషులో క్రియ మధ్యలో ఉంటుంది కాబట్టి దానికి ముందు పడే మాట వేరు, వెనక పడే మాట వేరు. పని చేసేవాడే ‘ఎవరూ’ అయితే వాడు క్రియకు ముందు పడతాడు. అక్కడ ‘ఎనీబడీ’ నిలవదు, ‘నోబడీ’నే పెట్టాలి, క్రియను మామూలుగా వదిలేయాలి: “నోబడీ కేమ్ ఫ్రమ్ ద పోర్ట్.” అదే “నేను ఎవర్నీ చూడలేదు” అంటే ‘ఎవర్నీ’ క్రియ వెనక పడుతుంది: “ఐ డిడ్ నాట్ సీ ఎనీబడీ.”

నాకు బాగా పట్టుబడిన వాక్యం ఇది: “ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పలేదు.” తెలుగులో దీర్ఘాలు మూడు, కాదనే క్రియ ఒకటి. ఇంగ్లీషులో: “నోబడీ టోల్డ్ ఎనీబడీ ఎనీథింగ్.” కాదనడం ఒక్కసారే, అదీ మొట్టమొదట. ఆ వెనక వచ్చేవన్నీ ‘ఎనీ’లే. దీన్ని నోటుబుక్కు అట్ట లోపల రాసి పెట్టుకున్నాను.

ఇప్పుడు ఆ పాత మెయిలు దగ్గరికి వద్దాం. “ఏ బ్లాకులోనూ ఏ పగులూ లేదు.” ఎర్ర సున్నా ‘లేదు’ చుట్టూ ఒకటే. ‘బ్లాకు’తో మొదలుపెడితే అది క్రియకు ముందు పడుతుంది కాబట్టి కాదనడం అక్కడే చేసేయాలి: “నన్ ఆఫ్ ద బ్లాక్స్ హావ్ ఎనీ క్రాక్స్.” పగులుతో మొదలుపెడితే: “దేర్ ఆర్ నో క్రాక్స్ ఇన్ ఎనీ ఆఫ్ ద బ్లాక్స్.” ‘నో’కి బదులు ‘నాట్ ఎనీ’ కావాలంటే: “దేర్ ఆర్ నాట్ ఎనీ క్రాక్స్ ఇన్ ఎనీ ఆఫ్ ద బ్లాక్స్.” నేను ఇప్పుడు నడిమి వాక్యమే వాడుతున్నాను. కొనేవాడికి కావలసిన ‘నో క్రాక్స్’ అనే మాట ముందే కనబడుతుంది. లెక్కపెట్టగలిగేవి అయితే ‘ఎనీ’ పక్కన బహువచనం పెట్టడం అలవాటు చేసుకున్నాను: ఎనీ క్రాక్స్, ఎనీ డౌట్స్. టైము, డబ్బు లాంటివి ఏకవచనంలోనే ఉంటాయి.

పైకి కనబడని ‘నాట్’లు ఇంకొన్ని ఉన్నాయి. “దెబ్బ తగలకుండా” అనడానికి ప్యాకింగు కాగితాల మీద నేను “వితౌట్ నో డ్యామేజ్” అని చాలాకాలం రాశాను. ‘వితౌట్’లోనే ‘లేకుండా’ ఉంది కాబట్టి “వితౌట్ ఎనీ డ్యామేజ్” అనాలి. ‘హార్డ్లీ’ కూడా అంతే. అందులో ‘దాదాపు లేదు’ అన్న అర్థం ఉంది. స్టాకు బాగా తక్కువగా ఉంటే “వి హావ్ హార్డ్లీ ఎనీ స్టాక్” అంటే చాలు, దానికి ‘డోంట్’ తగిలించకూడదు.

ప్రశ్నల్లో ‘ఎనీ’ నాకు తేలిగ్గానే వచ్చింది, ఎందుకంటే అక్కడ తెలుగులోనూ మాట మారుతుంది. ‘ఏమైనా ఉందా, ఎవరైనా వచ్చారా’ అంటాం. కాదనడం, ప్రశ్న రెండూ లేని చోట వచ్చే ‘ఎనీ’ కూడా ఈ ‘అయినా’ లాంటిదే: “యు కెన్ చూజ్ ఎనీ బ్లాక్” అంటే ఏ బ్లాకైనా ఎంచుకోవచ్చని. జాగ్రత్త పడాల్సింది “యు కెన్ నాట్ చూజ్ ఎనీ బ్లాక్” దగ్గర. మామూలుగా చదివితే ఏ బ్లాకూ ఎంచుకోకూడదని. ఏది పడితే అది కుదరదని చెప్పాలంటే ‘ఎనీ’కి ముందు ‘జస్ట్’ చేర్చాలి: “నాట్ జస్ట్ ఎనీ బ్లాక్.” మాట్లాడేటప్పుడైతే ఈ తేడా గొంతులో తెలుస్తుంది, కాగితం మీద గొంతు వినబడదు కాబట్టి నేను దీన్ని వదిలేసి “ఓన్లీ ద మార్క్‌డ్ బ్లాక్స్” అని రాస్తాను.

మూడు నెలల్లో నోటుబుక్కులో దాదాపు రెండొందల వాక్యాలయ్యాయి. మొదటి పేజీల్లో ‘నో’, ‘నాట్’ కలిసి వచ్చిన తప్పులే అన్నీ. మధ్యలో ‘ఎనీబడీ డిడ్ నాట్’లు. చివరి పేజీల్లో అక్కడక్కడా ‘హార్డ్లీ’ దగ్గర మాత్రం కొట్టివేతలున్నాయి. ఇప్పుడు మెయిలు పంపేముందు ఎర్ర పెన్ను అవసరం లేకుండానే కాదనే మాటలు లెక్కేసుకుంటాను. వాక్యానికి రెండు కనబడితే ఆగుతాను.

ఫోన్లో మాత్రం ఇంకా తడబడుతున్నాను. “డోంట్ యు హావ్ ఎనీ బ్లాక్స్ రెడీ?” అని అడిగితే, మనం “అవునండీ, లేవు” అంటాం కదా, ఆ ‘అవును’ నా నోట్లోంచి ‘యెస్’గా వచ్చేస్తుంది. వాళ్లు ఉన్నాయనుకుంటారు. అడిగిన ప్రశ్న ఎట్టా ఉన్నా, బ్లాకులు లేకపోతే ‘నో’ అనే మొదలుపెట్టాలని మేష్టారు చెప్పారు. ఒక్క మాటతో ఆపకుండా “నో, వి డోంట్ హావ్ ఎనీ” అని పూర్తిగా చెప్పమన్నారు. టేబులు మీద ఫోను పక్కనే ఆ వాక్యం రాసి అతికించుకున్నాను. రింగైనప్పుడు ముందు దాన్ని చూసి, తర్వాత ఫోను తీస్తున్నాను.